ఆరు సెకన్ల ‘హుష్’

మేడ మీద తెల్లపంచె పరిచి వడియాలు పెట్టి, పక్కనే పీట వేసుకుని కునికిపాట్లు పడుతోంది మామ్మ. పిట్టగోడ మీద కాకి వాలింది. మామ్మకు మెలకువ వచ్చింది. చెయ్యెత్తి ‘హుష్’ అంది. కాకి ఎగిరిపోయింది.

తెర మీద ఇదంతా ఆరు సెకన్లు. తీయడానికి నాకు మూడు రాత్రులు పట్టింది. మామ్మ, కాకి, వడియాలు అన్నీ మట్టివే. మేడ అంటే నాలుగడుగుల చెక్కబల్ల. ఎండ అంటే బల్లకు ఎడమవైపు నిలబెట్టిన ఒక్క దీపం.

మట్టిబొమ్మలతో తీసే స్టాప్‌మోషన్ సినిమా ఎలా తయారవుతుందో చాలామందికి తెలిసే ఉంటుంది. బొమ్మను కొంచెం జరిపి ఫొటో తీస్తాం, మళ్లీ కొంచెం జరిపి ఇంకో ఫొటో తీస్తాం. వాటన్నిటినీ వరసగా ఆడిస్తే బొమ్మ కదులుతుంది. ‘తారే జమీన్ పర్’ టైటిల్స్‌లో ధీమంత్ వ్యాస్ చేసిన మట్టి దృశ్యాలు మనవాళ్లలో ఎంతోమంది చూసినవే. ఇంగ్లండులో నిక్ పార్క్ 1982లో సినిమా స్కూల్లో చదువుకుంటూ మొదలుపెట్టిన ‘ఎ గ్రాండ్ డే అవుట్’ 1989లో గానీ పూర్తికాలేదు. దాని నిడివి 23 నిమిషాలు. ఇన్నేళ్లెందుకు అని చదివినప్పుడు ఆశ్చర్యపోయాను. నా 80 సెకన్ల సినిమాలో ఏడో షాట్ దగ్గరికి వచ్చేసరికి ఆ ఆశ్చర్యం పోయింది. ఆ ఏడో షాటే ఈ ‘హుష్’.

ఇందులో కష్టమంతా బొమ్మను కదపడంలోనే ఉంటుందని బయటినుంచి చూసేవాళ్లు అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ తెర మీది ఆరు సెకన్లు బల్ల దగ్గర ఐదారు గంటలు. ఆ గంటల్లో గదిలో నెమ్మదిగా మారేదేదైనా, మన కంటికి ఆనకుండా జరిగిపోయేదేదైనా, ఆరు సెకన్లలోకి కుదించేసరికి ఒక్కసారిగా బయటపడుతుంది. మామ్మ చెయ్యి ఒక్కటే కదలాలి. మిగతా లోకమంతా అయిదు గంటలసేపు ఉన్నచోటే ఉండాలి. ఆ మిగతా లోకంలో మొదట మాట వినంది వెలుతురు.

మొదటి రాత్రి సాయంత్రం ఏడింటికి మొదలుపెట్టి, పన్నెండు దాటేదాకా 72 ఫొటోలు తీశాను. దీపం పాత హాలోజన్. కెమెరా మామూలు డీఎస్ఎల్ఆర్. ఫొటోలు ఒక్కొక్కటిగా చూస్తే ఏ లోపమూ కనిపించలేదు. అన్నీ కలిపి ఆడించేసరికి మామ్మ మేడ మీద ఎండ, గాలికి రెపరెపలాడే దీపంలా వణికింది. పైగా షాట్ మొదట్లో కాస్త మసకగా ఉన్న ఎండ చివరికి వచ్చేసరికి తెల్లగా మెరిసిపోయింది. అన్నిటికన్నా ఎక్కువ బయటపెట్టింది పంచె. తెల్లని వస్తువు మీద వెలుతురు రవ్వంత మారినా కన్ను పట్టేస్తుంది.

పొద్దున్నే మా బాబాయికి చూపించాను. ముప్పయ్యేళ్లుగా ఇళ్లలో కరెంటు పని చేస్తున్న మనిషి. బొమ్మ గురించి ఒక్క మాటా అనలేదు. “ఈ లైటు నేరుగా ప్లగ్గులో పెట్టావా?” అన్నాడు.

“అవును బాబాయ్.”

“మన వీధిలో రాత్రి పది దాకా వోల్టేజీ నిలవదురా. ఏసీలన్నీ అప్పుడే తిరుగుతాయి.”

ఆ సాయంత్రం మీటరు తెచ్చి ప్లగ్గులో పెట్టాడు. ఏడున్నరకు 214 వోల్టులు చూపించింది. పదకొండింటికి మళ్లీ పెడితే 231. మధ్యలో వీధిలో ఎవరో మోటారు వేసినప్పుడల్లా అంకె దిగి లేచింది.

214కూ 231కీ తేడా ఎంతో లేదనిపిస్తుంది. కానీ తీగ వేడెక్కి వెలిగే బల్బు సంగతి వేరు. వోల్టేజీ తగ్గితే ఆ తీగకు అందే కరెంటూ తగ్గుతుంది, దాని వేడీ తగ్గుతుంది. వేడి కొంచెం తగ్గితేనే వెలుతురు చాలా పడిపోతుంది. వోల్టేజీ నూటికి అయిదు పాళ్లు తగ్గితే వెలుగు దాదాపు పదహారు పాళ్లు తగ్గుతుంది. 231 నుంచి 214కు దిగితే వెలుగులో దగ్గర దగ్గర పావువంతు పోయినట్టే. రాత్రి పొడుగునా నా ఎండ పావువంతుకు పైగానే పెరిగిందన్నమాట. షాట్ చివర తెల్లబడటానికి కారణం అదే.

స్టెబిలైజర్ పెడితే సరిపోతుంది కదా అనిపించింది. బాబాయి వద్దన్నాడు. ఇళ్లలో ఫ్రిజ్‌కు వాడే స్టెబిలైజర్‌లో చాలావరకు లోపల రిలేలు ఉంటాయి. వోల్టేజీ ఒక హద్దు దాటగానే అవి టక్కున మీట మార్చి అంచెలంచెలుగా సర్దుతాయి. ఫ్రిజ్‌కు దాంతో ఇబ్బంది లేదు. నా ఎండ మాత్రం నెమ్మదిగా మారే బదులు మెట్లు మెట్లుగా దూకుతుంది. అది చూడటానికి ఇంకా ఘోరం. చివరికి చేసిందేమిటంటే, హాలోజన్ తీసేసి మంచి అడాప్టరుతో డీసీ మీద నడిచే ఎల్‌ఈడీ పెట్టాం. అలాంటి అడాప్టరు తనకు వచ్చే వోల్టేజీ 214 అయినా 231 అయినా దీపానికి ఇచ్చేది ఒకేలా ఇస్తుంది. ఒక్క షరతు ఉంది. ఆ దీపానికి ఉన్న డిమ్మర్‌ను తిప్పకూడదు. చౌక దీపాల్లో డిమ్మర్ అంటే దీపాన్ని క్షణానికి కొన్ని వందలసార్లు ఆర్పి వెలిగించడమే. కంటికి తెలియదు గానీ కెమెరాకు తెలుస్తుంది. వెలుగు తగ్గించాలంటే దీపాన్ని దూరం జరపాలి, లేదా ముందు బటర్ పేపర్ కట్టాలి.

దీపం మార్చినా వణుకు పూర్తిగా పోలేదు. అప్పుడు చేసిన పరీక్ష ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు. బొమ్మలన్నీ తీసేసి, బల్ల మీద ఒక తెల్లకాగితం నిలబెట్టి, దేనినీ ముట్టుకోకుండా దూరం నుంచి రిమోట్‌తో 50 ఫొటోలు తీశాను. వాటిని ఆడిస్తే తెర మీద ఏ మార్పూ ఉండకూడదు. ఉందంటే దాని తీరునుబట్టే దొంగ దొరుకుతాడు. వెలుతురు మెల్లగా ఒకవైపుకే పెరుగుతుంటే దీపం వేడెక్కడమో, కిటికీలోంచి పగటి వెలుగు దూరడమో కారణం. బొమ్మలో అడ్డంగా చారలు పరుగెడుతుంటే దీపం మిణుకుకూ షట్టర్‌కూ పొత్తు కుదరలేదని అర్థం. చిత్రమంతా ఒక్క తీరున, ఏ క్రమమూ లేకుండా హెచ్చుతగ్గులవుతుంటే అనుమానించాల్సింది లెన్సును.

నాది ఈ మూడోది. కొత్త లెన్సుల్లో వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, అపర్చర్ అంటామే, మామూలప్పుడు పూర్తిగా తెరుచుకుని ఉంటుంది. బటన్ నొక్కిన క్షణంలో దాని రేకులు మనం చెప్పిన కొలతకు మూసుకుని, ఫొటో అయిపోగానే మళ్లీ తెరుచుకుంటాయి. ఆ మూసుకోవడం ప్రతిసారీ అచ్చు ఒకేలా ఉండదు. వెంట్రుకవాసి తేడా ఉంటుంది. పెళ్లి ఫొటోల్లో ఆ తేడా ఎవరికీ పట్టదు. 72 ఫొటోలు వరసగా ఆడిస్తే అదే రెపరెప అవుతుంది. రంధ్రాన్ని పూర్తిగా తెరిచి తీస్తే రేకులు కదిలే పనే ఉండదు, వణుకూ ఉండదు. కానీ అప్పుడు మామ్మ ముక్కు స్పష్టంగా ఉండి చెవులు మసకబారతాయి. చిన్న బొమ్మల్ని దగ్గరనుంచి తీసేటప్పుడు ఆ ఇబ్బంది ఇంకా ఎక్కువ. దీనికి మందు పాత లెన్సు. చేత్తో రింగు తిప్పి అపర్చర్ పెట్టే పాతకాలపు లెన్సును చిన్న అడాప్టరు రింగుతో కెమెరాకు బిగిస్తే, ఒకసారి పెట్టిన రంధ్రం మనం తిప్పేదాకా అలాగే ఉంటుంది. సెకండ్‌హ్యాండ్‌లో ఒకటి కొన్నాను. రెపరెప ఆ రోజుతో ఆగింది.

కెమెరాలో తనంతట తాను నిర్ణయించుకునేవన్నీ ఆపేయడం ఎలాగూ తప్పదు. ఫోకస్, ఐఎస్ఓ, వైట్ బ్యాలెన్స్ అన్నీ చేత్తో పెట్టాల్సిందే. ఫోన్‌తో తీసేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఎక్స్‌పోజర్, ఫోకస్ లాక్ చేయనిచ్చే యాప్ లేకపోతే, మామ్మ చెయ్యి ఎత్తగానే ఫోన్ తనకు తోచినట్టు వెలుతురు సర్దేస్తుంది. నేను ఒక్కో ఫొటోకు షట్టర్ అర సెకను తెరిచి ఉంచాను. బొమ్మ ఎలాగూ కదలదు కాబట్టి మసకబారే భయం లేదు. మన కరెంటుతో నేరుగా వెలిగే దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. అర సెకనులో అలాంటివి యాభై కలిసిపోతాయి కాబట్టి హెచ్చుతగ్గులు సరాసరి అయిపోతాయి. ఆ అర సెకను ఫ్యాను తిరగకూడదు, ఎవరూ నడవకూడదు. మే నెల విజయవాడలో ఫ్యాను లేకుండా కూర్చోవడం ఈ పనిలో పెద్ద కష్టం.

నేను ఊహించని దొంగ ఇంకొకటి మిగిలింది. అది నేనే. మొదటి రాత్రి తెల్లచొక్కా వేసుకున్నాను. బొమ్మను సర్ది వెనక్కి వచ్చి బటన్ నొక్కేటప్పుడు ఒకసారి బల్లకు దగ్గరగా, ఒకసారి దూరంగా నిలబడ్డాను. దీపం వెలుగు చొక్కా మీద పడి, తిరిగి మామ్మ కుడిబుగ్గ మీద పడింది. షాట్‌లో ఆ ఒక్క బుగ్గే వెలిగి ఆరుతోంది. వెలుగు మార్పు చిత్రంలో ఒకవైపుకే పరిమితమైతే మొదట వెతకాల్సింది మన నీడనూ మన బట్టలనూ. అప్పటినుంచి నల్లచొక్కానే. నేలమీద టేపుతో గుర్తు పెట్టుకుని, ప్రతి ఫొటోకూ ఆ గుర్తు మీదే నిలబడతాను. వెనకాల తెల్లగోడకు నల్లగుడ్డ కట్టాను. పంచెను కూడా టీ డికాషన్‌లో ముంచి ఆరేశాను. తెర మీద అది తెల్లగానే కనిపిస్తుంది. మునుపటిలా ప్రతి చిన్న మార్పునూ చాటింపు వేయదు.

ఇలాంటి వణుకును తర్వాత కంప్యూటర్లో సరిచేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. చిత్రమంతా సమానంగా హెచ్చుతగ్గులైతే అవి పనిచేస్తాయి. ఒక్క బుగ్గ మీదే పడ్డ వెలుగును, ఒరిగిన నీడను అవి దిద్దలేవు. అందుకే నేను వాటిని నమ్ముకోను.

మళ్లీ తీసేముందు లెక్క ఒకసారి చూసుకున్నాను. సినిమా తెర మీద సెకనుకు 24 చిత్రాలు నడుస్తాయి. మట్టిబొమ్మల సినిమాల్లో ఎక్కువగా ఒక్కో ఫొటోను రెండుసార్లు చూపిస్తారు. అంటే సెకనుకు 12 ఫొటోలు తీస్తే చాలు. దీన్నే ‘ట్వోస్’ మీద తీయడం అంటారు. ప్రతి చిత్రానికీ కొత్త ఫొటో తీస్తే ‘వన్స్’. నా సినిమా 80 సెకన్లు కాబట్టి ట్వోస్ అయితే 960 ఫొటోలు, వన్స్ అయితే 1,920. నేను గంటకు పద్నాలుగు ఫొటోలు తీయగలిగాను. మొదటిదానికి దాదాపు 70 గంటలు పడితే, రెండోదానికి అంతకు రెట్టింపు.

శ్రమ సంగతి పక్కన పెట్టి, సెకనుకు 24 తీస్తే కదలిక మరింత మెత్తగా వస్తుంది కదా అని కొత్తవాళ్లు అడుగుతారు. నేనూ రెండో షాట్‌ను అలా తీసి చూశాను. మెత్తబడలేదు సరికదా, మామ్మకు జ్వరం వచ్చినట్టు వణికింది. కారణం చేతివేళ్లలో ఉంది. మామ్మ తలను మెల్లగా తిప్పాలి. ట్వోస్‌లో ఒక్కో ఫొటోకు ఒక మిల్లీమీటరు జరిపితే సరిపోయేది. వన్స్‌లో అదే వేగం రావాలంటే అర మిల్లీమీటరే జరపాలి. నా వేళ్లు అంత సన్నగా జరపలేవు. ఒకసారి ముప్పాతిక, ఒకసారి పావు వస్తుంది. కదిలించాల్సిన దూరం చిన్నదైనకొద్దీ పొరపాటు వాటా పెద్దదవుతుంది. దానికితోడు బొమ్మను రెట్టింపుసార్లు ముట్టుకోవాలి. ముట్టుకున్న ప్రతిసారీ మట్టి మీద వేలిముద్ర మారుతుంది, తెర మీద ఒళ్లంతా సలసల మరుగుతున్నట్టు కనిపిస్తుంది. 1933 నాటి ‘కింగ్ కాంగ్’లో కోతి బొచ్చు ఊరికే అటూ ఇటూ కదులుతుండటం చూశారా? బొమ్మను జరిపినవాళ్ల వేళ్ల జాడలే అవి. మెల్లటి కదలికకు నామటుకు నాకు ట్వోసే మేలు.

అయితే కాకి సంగతి వేరు. మొదటి రాత్రి తీసినదాంట్లో అది ఎగిరిపోతున్నప్పుడు ఒక కాకి కాదు, ఆరు కాకులు కనిపించాయి. పిట్టగోడ నుంచి చిత్రం అంచుకు 36 సెంటీమీటర్లు. ఆ దూరాన్ని అది అర సెకనులో దాటాలి. ట్వోస్‌లో అర సెకనుకు ఆరు ఫొటోలు, అంటే ఫొటోకూ ఫొటోకూ ఆరు సెంటీమీటర్ల ఎడం. కాకి పొడవు ఏడు సెంటీమీటర్లు. ఒకచోట ఉన్న కాకికీ, తర్వాతి చోట ఉన్న కాకికీ ఒకదాన్నొకటి తాకే ఒళ్లు ఒక్క సెంటీమీటరే. నిజం కాకిని వీడియో తీస్తే రెక్కలు మసకగా సాగి, ఆ మసకే కన్నును ఒకచోటినుంచి ఇంకోచోటికి తీసుకెళ్తుంది. మా కాకి ప్రతి ఫొటోలోనూ నిలబడి ఫొటో దిగినంత స్పష్టంగా ఉంటుంది. అందుకే ఆ అర సెకను మాత్రం వన్స్ మీద తీయాలని నిర్ణయించుకున్నాను. పన్నెండు ఫొటోలు, మూడేసి సెంటీమీటర్ల ఎడం. ఒక కాకి ఒళ్లు సగానికి పైగా తర్వాతి కాకి ఒంటి మీద పడుతుంది, అప్పుడు కన్ను దాన్ని ఒకే కాకిగా ఒప్పుకుంటుంది. ఇక్కడ వేళ్ల వణుకు భయం లేదు, ఎందుకంటే జరపాల్సిన దూరం పెద్దది. పైగా కాకి ఒక గట్టి ఇనుపతీగ చివర గుచ్చి ఉంటుంది. మట్టిని ముట్టుకోకుండా తీగ స్టాండునే జరపొచ్చు. తీగ కనబడకుండా చేయడానికి, బొమ్మలు లేని ఖాళీ మేడను ముందే ఒక ఫొటో తీసి పెట్టుకుని, తర్వాత తీగ ఉన్నచోట ఆ ఖాళీ ముక్కను అతికిస్తాం. వెలుతురు మారకుండా ఉంటేనే ఆ అతుకు కలుస్తుంది.

ఎడాలు ఎలా పంచాలన్నది ఇంకో మాట. మామ్మ చెయ్యి పది ఫొటోల్లో పైకి లేవాలి. వేలికొస మొత్తం 57 మిల్లీమీటర్లు ప్రయాణిస్తుంది. దాన్ని పదితో సమానంగా భాగిస్తే రైల్వే గేటు లేచినట్టు ఉంటుంది. అందుకని 1, 3, 6, 9, 11, 11, 8, 5, 2, 1 మిల్లీమీటర్లుగా పంచి, ఒక కాగితం మీద ఆ గుర్తులు గీసి కెమెరా తెర పక్కన అంటించుకున్నాను. మెల్లగా మొదలై, ఊపందుకుని, మళ్లీ మెల్లగా ఆగుతుంది. పైన అర సెకను ఆగుతుంది. ‘హుష్’ మాత్రం మూడే ఫొటోలు.

రెండో రాత్రి వెలుతురు నిలకడగా ఉంది. 43వ ఫొటో నుంచి చెయ్యి ఎత్తడం మొదలుపెట్టాను. 46, 47 బాగానే వచ్చాయి. 48 దగ్గర మోచెయ్యి కొంచెం వదులైనట్టు వేలికి తెలిసింది. 49వ ఫొటోకు చెయ్యి పైకి పెట్టి వెనక్కి వచ్చేలోపల అది మెల్లగా, నా కళ్లముందే, ఒళ్లోకి వాలిపోయింది. లోపల తీగ విరిగింది.

మన దగ్గర వినాయకుడి విగ్రహాలు చేసేవాళ్లు కర్రలు, గడ్డితో లోపల చట్రం కట్టి దానిమీద మట్టి పూస్తారు. ఆ చట్రం పని ఒక్కటే, బరువు మోస్తూ నిలబడటం. స్టాప్‌మోషన్ బొమ్మ లోపలి చట్రం, ఆర్మేచర్, బరువూ మోయాలి, కొన్ని వందలసార్లు వంగాలి, వంచినచోటే ఆగాలి కూడా. ఈ మూడూ ఒకదానితో ఒకటి పడవు. హార్డ్‌వేర్ కొట్లో దొరికే ఇనుప బైండింగ్ వైరు బరువు మోస్తుంది గానీ, వంచి వదిలితే కొంత వెనక్కి వస్తుంది. మనం పది మిల్లీమీటర్లు జరిపామనుకుంటాం, అది ఎనిమిది దగ్గర ఆగుతుంది. కరెంటు పనిలో మిగిలిన రాగితీగ మొదట మెత్తగా వంగుతుంది, వంచినకొద్దీ గట్టిపడి మొండికేస్తుంది. మెత్తటి అల్యూమినియం తీగ వంచినచోట దాదాపుగా అలాగే ఉంటుంది. అందుకే ఇంట్లో చేసుకునే బొమ్మలకు అందరూ దాన్నే వాడతారు. పెద్ద స్టూడియోల్లో ఉక్కు గుళ్లు, గిన్నెల కీళ్లతో చేసిన ఆర్మేచర్లు ఉంటాయి. వాటి బిగువును స్క్రూతో సర్దుకోవచ్చు, కానీ ఒక్కదాని ఖరీదు నా సినిమా మొత్తం ఖర్చును మించుతుంది.

అల్యూమినియం తీగకు ఆయుష్షు లెక్క ఉంటుంది. ఒకేచోట వంచి తీస్తూ పోతే లోపల కంటికి కనబడని పగుళ్లు పుట్టి, పెరిగి, ఒకరోజు తెగుతుంది. మామ్మ చెయ్యి అంత తొందరగా ఎందుకు తెగిందో మట్టి ఒలిచి చూస్తే అర్థమైంది. మోచేతికి పైనా కిందా ఎముకలు గట్టిగా ఉండాలని తీగ చుట్టూ ఎం-సీల్ పూశాను. ఆ రెంటి మధ్య మోచేతి దగ్గర ఖాళీ మూడు మిల్లీమీటర్లే వదిలాను. కీలు అంటే చిన్నగా ఉండాలనుకున్నాను. దాంతో వంపంతా ఆ మూడు మిల్లీమీటర్ల మీదే, అందులోనూ ఎం-సీల్ గట్టి అంచు దగ్గరే పడింది. తీగ సరిగ్గా ఆ అంచులోనే విరిగింది. ఖాళీ ఎనిమిది, పది మిల్లీమీటర్లు వదిలి, ఎం-సీల్ అంచులను తడివేలితో గుండ్రంగా దిద్ది ఉంటే వంపు ఆ పొడవంతా పంచుకునేది. తీగ విరగబోయేముందు కబురు కూడా పెట్టింది. నేనే పట్టించుకోలేదు. ముందురోజు నుంచే మోచేతి మట్టి మీద ఒకే చోట సన్నగీత పడుతోంది. దిద్దిన ప్రతిసారీ అక్కడే మళ్లీ పడింది. లోపల తీగ గుండ్రంగా కాకుండా కోసుగా వంగుతోందని దానర్థం.

కొత్త చేతికి ఒక మిల్లీమీటరు తీగను రెండు పేటలుగా పురి పెట్టాను. ఒక పేట తెగినా షాట్ అయ్యేదాకా రెండోది మోస్తుంది. పురి మరీ బిగించకూడదు. తిప్పడంలోనే తీగ సగం గట్టిపడిపోతుంది. తీగ మీద నూలుదారం చుట్టాను. నున్నటి లోహం మీద మట్టి జారి, తీగ ఒకవైపు, చర్మం ఒకవైపు తిరుగుతాయి. భుజం దగ్గర ఇంకో మార్పు చేశాను. మునుపు చేతి తీగ నేరుగా వెన్నులోకి అతుక్కుని ఉండేది. చెయ్యి మార్చాలంటే మామ్మ గుండె కోయాల్సిందే. ఇప్పుడు వెన్నులో చిన్న చదరపు ఇత్తడి గొట్టం ఉంది, చేతి చివర అందులో దూరే ఇంకాస్త సన్నటి గొట్టం ఉంది. చదరంగా ఉండటం వల్ల లోపల తిరగదు. విరిగిన చేతిని లాగి కొత్తది గుచ్చడమే. అలాంటివి మూడు చేతులు చేసి అగ్గిపెట్టెలో పెట్టుకున్నాను.

చెయ్యి వాలిపోవడానికి తీగ విరగడమే కావాలని లేదు. మట్టి బరువు చాలు. నేను వాడేది నూనె కలిపిన ప్లాస్టిసిన్, ఎండిపోదు, పగలదు. ఏటి మట్టితో చేస్తే రెండో గంటకే బీటలు వారుతుంది. కానీ ప్లాస్టిసిన్ బరువు. నాలుగు సెంటీమీటర్ల తలకాయ పూర్తిగా దానితోనే చేస్తే 60 గ్రాముల దాకా తూగుతుంది, మెడ తీగ దాన్ని ఆపలేదు. లోపల మూడు సెంటీమీటర్ల థర్మోకోల్ గుండు పెట్టి పైన మట్టి పొర వేస్తే బరువు చాలావరకు దిగిపోతుంది. వేడి ఇంకో శత్రువు. హాలోజన్ కింద గంట ఉంటే మామ్మ ముక్కు మెత్తబడేది. మండు వేసవిలో ఎల్‌ఈడీ కింద కూడా ఈ మట్టి వెన్నలా ఉంటుంది. కొంచెం తేనెమైనాన్ని వేడినీళ్ల గిన్నెలో కరిగించి కలిపితే గట్టిపడుతుంది. ఎక్కువైతే పెళుసెక్కి కీళ్ల దగ్గర చీలుతుంది కాబట్టి చిన్న ముద్దతో చూసుకుని కలపాలి.

బొమ్మ వాలుతోందా లేదా అన్నది కంటితో చూస్తే తెలియదు. జరిపాక పది సెకన్లు ఆగి, కెమెరా తెర మీద ఇప్పటి బొమ్మ మీద ముందు ఫొటోను పలచగా పరిచి చూస్తాను. ఈ పనికి వాడే డ్రాగన్‌ఫ్రేమ్ లాంటి సాఫ్ట్‌వేర్లలో, ఫోన్ యాప్‌లలో కూడా ఆ వీలు ఉంది. పది సెకన్లకు ముందు, తర్వాత చెయ్యి ఒకేచోట ఉంటే బటన్ నొక్కుతాను. కిందికి దిగితే ఆ కీలు అలసిపోయిందన్నమాట.

షాట్ మధ్యలో విరిగినప్పుడు రెండే దారులు. విరిగిన ఫొటోకు ముందుదాన్ని తెర మీద పరుచుకుని, కొత్త చేతిని దానిలోకి అచ్చంగా కలిసేదాకా దిద్దడం ఒకటి. లేదా కెమెరా కోణం మార్చి అక్కడినుంచి కొత్త షాట్ అనుకోవడం. రెండోది సులువు. ఆ రాత్రి నేను మొదటిదానికే గంటన్నర ప్రయత్నించాను. గీతకు గీత కలిసింది గానీ, ఆడిస్తే 49 దగ్గర మామ్మ మోచేతి చర్మం ఉలిక్కిపడినట్టయింది. పాత చేతిమీద నలభై ఎనిమిది ఫొటోల వేలిముద్రలు ఉన్నాయి, కొత్తది నున్నగా ఉంది. మొత్తం పక్కన పెట్టేశాను.

మూడో రాత్రి తొమ్మిదింటికి కూర్చున్నాను. దీపం అరగంట ముందే వేసి ఉంచాను. కొత్త చేతిని ముందుగా కాసేపు నలిపి, వేలిముద్రలు పడనిచ్చాను. తెల్లజుట్టు మీదికి గోధుమరంగు అంటకుండా ప్రతిసారీ వేళ్లు తుడుచుకున్నాను. ట్వోస్ మీద 66, కాకి కోసం వన్స్ మీద 12, మొత్తం 78 ఫొటోలు. ఆ చివరి పన్నెండింటిలో మామ్మ కూడా చిత్రంలోనే ఉంది, చెయ్యి దించుతూ. ఆమెను మాత్రం రెండు ఫొటోలకొకసారే కదిపాను, కాకిని ప్రతి ఫొటోకూ. తెల్లవారుజామున మూడున్నరకు కాకి చిత్రం అంచు దాటింది. ఆడించి చూశాను. 61వ ఫొటోలో ఒక వడియం నా చెయ్యి తగిలి కొంచెం జరిగింది. చూసినవాళ్లెవరూ ఇంతవరకూ పట్టలేదు. అలాగే ఉంచేశాను.

ఎనిమిదో షాట్‌లో మామ్మ పీట మీంచి లేచి నిలబడి కాకి వెంటపడాలి. ఇప్పటిదాకా ఆమెకు కాళ్లే లేవు, చీర కుచ్చిళ్ల కింద ఒక కొయ్యముక్క ఉంది. నిలబడే బొమ్మలో మొత్తం బరువు మడమల మీద పడుతుంది, తీగ మొదట తెగేది అక్కడే. అందుకని చీలమండల దగ్గర తీగ మూడు పేటలు వేశాను. రెండు పాదాల్లోనూ ఎం-సీల్‌లో చిన్న నట్టు బిగించి, బల్లకు కిందనుంచి స్క్రూ వచ్చేలా రంధ్రాలు పెడుతున్నాను. ఆమె వేయబోయే అడుగులు తొమ్మిది. తొమ్మిదింటికీ రంధ్రాలు ముందే గుర్తించి తొలిచి, పైన మేడ గచ్చు రంగు మట్టితో పూడ్చాలి.